కందుకూరు పల్లె నవలలో పేర్లు: పెట్టిందెవరు, పిలిచేదెవరు

ప్రశ్న: నా మొదటి నవల కందుకూరు దగ్గరి ఒక పల్లెలో 1950 నుంచి 1995 దాకా నడుస్తుంది. మూడు తరాల రైతు కుటుంబం. మామూలు పేర్లు పెడితే ఏ ఊరికైనా సరిపోయేట్టున్నాయి, పెంచలయ్య, మాల్యాద్రి అని పెడితే కావాలని అతికించినట్టుంది. పేరు వింటే ఊరు, కాలం, మనిషి స్వభావం తెలియాలంటే ఎట్లా పెట్టాలి?

సమాధానం:

పాత్ర పుట్టిన ఏడాదిలో ఆ ఇంట్లో పేరు పెట్టే పెద్ద ఎవరో ముందు తేల్చుకోండి. ఆ పెద్ద ఏ పేరు పెట్టి ఉండేవారో ఆ పేరే పెట్టండి. ఊరు, కాలం ఆ పేరు వెంట వాటంతట అవే వస్తాయి. స్వభావాన్ని మాత్రం పేరులో ఇరికించవద్దు. ఆ పేరును ఇంట్లోవాళ్లు, ఊళ్లోవాళ్లు పిలిచే తీరుకు దాన్ని వదిలిపెట్టండి.

నేను కావలిలో ఇరవై ఆరేళ్లు తెలుగు పాఠం చెప్పాను, మూడు నవలలు రాశాను. మొదటి నవలలో ఈ రెండు పనులనూ కలిపేసి దెబ్బ తిన్నాను. అది 1940లలో కనిగిరి ప్రాంతంలో నడిచే కథ. కథానాయకుడు మెత్తని మనిషి, పిలిచినవారికల్లా పలికేవాడు. ఆ మెత్తదనం పేరులోనే వినిపించాలని ముచ్చటపడి అతనికి సత్తిబాబు అని పెట్టాను. పుస్తకం వచ్చిన నెలకు కనిగిరి నుంచి ఒక పెద్దాయన కార్డు రాశారు. అందులో ఉన్నది ఒకటే వాక్యం: 'తమ సత్తిబాబు గోదావరి దాటి మా తాలూకాకు ఎప్పుడు వలస వచ్చాడో రాయడం మరిచారు.' ఆ మనిషికి ఏ పేరు నప్పుతుందని నన్ను నేను అడుగుకున్నానే తప్ప, అతన్ని ఉయ్యాలలో వేసిననాడు వాళ్ల నాయనమ్మ చెవిలో ఏ పేరు చెప్పి ఉంటుందని అడుగుకోలేదు. పుట్టిన బిడ్డ మెత్తనివాడవుతాడో మొండివాడవుతాడో ఆ నాయనమ్మకు తెలియదు. ఆమెకు తెలిసినవి మొక్కు, చనిపోయిన మామగారి పేరు, ఇరుగుపొరుగు పిల్లల పేర్లు, ఇంతే.

ఊరు ఎక్కడి నుంచి వస్తుంది

కందుకూరు సంగతి కొంచెం విచిత్రమైనది. 1970 ఫిబ్రవరి వరకు అది నెల్లూరు జిల్లా. ఆ నెలలో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. 2022లో కందుకూరు తిరిగి నెల్లూరులో కలిసింది. పైగా ఆ ప్రకాశం జిల్లా మూడు జిల్లాల ముక్కలు కలిపి కుట్టిన బొంత. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి, ఒంగోలు, అద్దంకి, చీరాల వైపు గుంటూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. కాబట్టి ప్రకాశం జిల్లా పేర్లంటూ ఒక మూట కట్టుకొని అందులోంచి తీయడానికి వీలుకాదు. పేర్లకు జిల్లా సరిహద్దు తెలియదు; మొక్కు తీర్చుకోవడానికి ఎడ్లబండి కట్టుకొని ఎంత దూరం పోయేవారో ఆ దూరం తెలుసు.

మీ పల్లెకు ఆ దూరంలో ఉన్న దేవుడు మాలకొండ నరసింహస్వామి. శనివారం తప్ప గుడి తెరవరు కనుక చుట్టుపక్కల పల్లెల్లో మొక్కులన్నీ శనివారాలకే పడతాయి. మాలకొండయ్య, మాలకొండమ్మ, కొండయ్య, మాల్యాద్రి అనే పేర్లు అక్కడివి. దక్షిణంగా రాపూరు వైపు పోతే అదే నరసింహస్వామి పెంచలకోనలో ఉంటాడు, అక్కడి పిల్లలు పెంచలయ్య, పెంచలమ్మ అవుతారు. జొన్నవాడ చుట్టూ కామాక్షమ్మలు, సూళ్లూరుపేట చెంగాళమ్మ పేరున చెంగయ్యలు, చెంగమ్మలు, మార్కాపురం చెన్నకేశవుని పేరున చెన్నయ్యలు, ఉత్తరాన కోటప్పకొండను కొలిచే పల్లెల్లో కోటయ్యలు, కోటేశ్వరరావులు కనిపిస్తారు. వెంకటాచలం దగ్గరి కసుమూరు దర్గాకు హిందువులు కూడా మొక్కుకుంటారు కాబట్టి మస్తానయ్య, మస్తానమ్మ, మస్తాన్‌రెడ్డి అనే పేర్లు విని మతం నిర్ణయించడానికి లేదు. బయటి ప్రాంతపు పాఠకుడు ఇక్కడ తప్పకుండా తడబడతాడు. మీరు మాత్రం తడబడకండి.

దేవుడి పేరు ఎంత పని చేస్తుందో చివరి అక్షరమూ అంతే పని చేస్తుంది. ఏడుకొండలవాడి పేరు పెట్టుకున్న ముగ్గురిని తీసుకోండి. నెల్లూరు వైపు శ్రీనివాసులు అనే రూపం ఎక్కువగా వినబడుతుంది. ఒంగోలు దాటి గుంటూరు వైపు పోయేకొద్దీ శ్రీనివాసరావు పెరుగుతాడు. తర్వాతి తరంలో ఇద్దరూ శ్రీనివాస్ అయిపోతారు. ఇది గీత గీసినట్టు ఉండదు, రెండు వైపులా రెండూ ఉంటాయి. అయినా నవలలో ఒక కుటుంబమంతా 'రావు'లతో నిండి ఉంటే, చెప్పకుండానే ఆ కథ కృష్ణా గుంటూరుల వైపు జరిగిపోతుంది.

అతికించినట్టుందని మీరు అన్నది చాలావరకు మోతాదు వల్ల వచ్చే చిక్కు. మొదటి అధ్యాయంలోనే పెంచలయ్య, మాల్యాద్రి, చెంగమ్మ, మస్తానయ్య నలుగురూ వరుసగా వస్తే అది పల్లెలాగా ఉండదు, పర్యాటక శాఖ వారి బోర్డులాగా ఉంటుంది. పదిమంది పాత్రల్లో ఇద్దరికో ముగ్గురికో స్థలం పేరున్న దేవుడి పేరు, అయిదారుగురికి సుబ్బయ్య, లక్ష్మమ్మ, వెంకటేశ్వర్లు వంటి ఎక్కడైనా వినే పేర్లు, ఒకరికి బదిలీ మీద వచ్చిన ఉద్యోగిలాంటి బయటి పేరు, ఇది నేను పాటించే కొలత. ఆ ముగ్గురిలోనూ అందరూ ఒకే కొండవారు కానక్కరలేదు. కందుకూరు ఇంట్లో పెంచలమ్మ అనే కోడలు ఉన్నదనుకోండి, ఆమె రాపూరు వైపు నుంచి వచ్చిన పిల్ల అని ఈ ప్రాంతం తెలిసిన పాఠకుడికి ఆ పేరే చెబుతుంది. ఆమె పుట్టింటి గురించి మీరు రాయబోయిన అర పేజీ మిగులుతుంది.

ఇంకొక మాట. పేరు వెనుక కథను కథకుడి గొంతుతో వివరించకండి. 'మాలకొండ స్వామి వరాన పుట్టినందున మాల్యాద్రి అని పేరు పెట్టుకున్నారు' అని రాసిన క్షణాన అది అతుకు అవుతుంది. ఊళ్లో ఆ సంగతి అందరికీ తెలుసు, తెలిసినదాన్ని ఎవరూ ఎవరికీ చెప్పరు. తప్పనిసరైతే నవల మొత్తంలో ఒక్కసారి, చెప్పవలసిన అవసరం ఉన్న పాత్ర చేత, కోపంలోనో ఎగతాళిలోనో చెప్పించండి.

కాలం ఎక్కడి నుంచి వస్తుంది

ఇక్కడ మీ కుటుంబాన్నే తీసుకొని చేసి చూపిస్తాను. 1950లో ఇంటి యజమానికి నలభై రెండేళ్లనుకుందాం, అంటే 1908లో పుట్టాడు. అతనికి ముందు ఇద్దరు బిడ్డలు పోయారు. మూడోవాణ్ణి బతికించుకోవడానికి ఎంగిలి విస్తరాకుల్లో, అంటే పుల్లాకుల్లో దొర్లించి పుల్లయ్య అన్నారు. వాడు దక్కాడు. దక్కినందుకు నాయనమ్మ మాలకొండకు మొక్కుకుంది, తర్వాత పుట్టిన మన యజమాని మాలకొండయ్య అయ్యాడు. పేరు పెట్టింది నాయనమ్మ.

1934లో మాలకొండయ్యకు పెద్దకొడుకు పుట్టాడు. ఇప్పుడు ఇంట్లో మాట చెల్లేది మాలకొండయ్య తండ్రిది. ఆయన తన తండ్రి పేరు నిలబెట్టుకున్నాడు, అందుకని బిడ్డ వెంకటసుబ్బయ్య అయ్యాడు. నాలుగేళ్లకు పుట్టిన రెండోవాడికి ఆ బరువు లేదు కాబట్టి శ్రీనివాసులు అని పెట్టారు.

1958లో వెంకటసుబ్బయ్యకు కొడుకు. ఆనవాయితీ ప్రకారం బిడ్డకు తాత పేరు రావాలి, కానీ వెంకటసుబ్బయ్య ఎస్సెస్సెల్సీ దాకా చదివినవాడు. మాలకొండయ్య అనే పేరు ఆయన చెవికి మొరటుగా వినిపించింది. తండ్రి మాట తీసేయకుండా, తన చదువు మాట పోనీయకుండా, బిడ్డకు మాల్యాద్రి అని రాయించాడు. కొండ అదే, దేవుడు అతనే, యాభై ఏళ్లలో తెలుగు పోయి సంస్కృతం వచ్చింది.

1986లో మాల్యాద్రికి కొడుకు పుట్టాడు, ఈసారి ఆస్పత్రిలో. తల్లి సుజాత ఇంటర్మీడియట్ చదివింది, పత్రికల్లో పేర్లు చూసి ముందే ఎంచుకొని పెట్టుకుంది. అయినా మాల్యాద్రి పట్టు పట్టడం వల్ల సర్టిఫికెట్‌లో వెంకట మాల్యాద్రి శ్రీకాంత్ అయింది. పిలిచేది శ్రీకాంత్ అని. మిగతా రెండూ పరీక్ష దరఖాస్తుల్లో తప్ప ఎక్కడా వినబడవు.

ఇప్పుడు పేర్లను పక్కన పెట్టి, పెట్టినవారిని మాత్రం చూడండి. నాయనమ్మ, తాత, తండ్రి, తల్లి. కాలం నిజంగా మారిందని చెప్పేది ఇదే. పేర్లు దాని వెంట వచ్చేవి. ఏ దశాబ్దంలో ఏ పేరు వాడుకలో ఉందో పట్టిక వేసుకొని రాస్తే పేర్లు తప్పుపోకపోవచ్చు గానీ, ఆ ఇంట్లో ఎవరి మాట నెగ్గిందో మీకు తెలియదు. తెలియకపోతే పేరు పాత్రకు వేసిన చొక్కాలాగా ఉంటుంది.

ఆడపిల్లల విషయంలో లెక్క కొంచెం వేరు. నేను చూసిన బడి రికార్డుల్లో ఆడపిల్లల పేర్లు మగపిల్లల పేర్లకంటే ముందుగా మారాయి. మగపిల్లవాడు తాత పేరు మోయాలి, ఆడపిల్లకు ఆ పట్టింపు అంత గట్టిగా లేదు. అందుకే 1958లో అన్న మాల్యాద్రి అయిన ఇంట్లోనే 1961లో చెల్లెలు పద్మావతి, 1966లో ఇంకో చెల్లెలు విజయలక్ష్మి కావచ్చు. వాళ్ల నాయనమ్మ మాత్రం పిచ్చమ్మ. ఈ పిచ్చమ్మ, పుల్లయ్య వంటి పేర్లను చూసి నగరపు పాఠకుడు నవ్వుతాడేమోనని భయపడకండి. ఆ పల్లెలో ఆ పేరుగల మనిషి ఊరి పెద్ద కావచ్చు. మీరు హాస్యగాడికే ఆ పేరు పెట్టినప్పుడు మాత్రం అది ఎగతాళి అవుతుంది, చదివే పిచ్చమ్మ మనవడికి నొప్పి కలుగుతుంది.

పేర్లు ఎక్కడ వెతకాలంటే, మీ పల్లె పాత ఓటర్ల జాబితా సంపాదించండి. ఒక్కొక్క వరుసలో ఓటరు పేరు, తండ్రి లేక భర్త పేరు, వయసు ఉంటాయి. 2002 నాటి జాబితాలో అరవై ఏళ్ల స్త్రీ కనబడితే ఆమె పేరు 1942 ప్రాంతానిది, భర్త పేరు అంతకు కొన్నేళ్ల ముందుది. అరవై ఏళ్ల పురుషుడైతే అతని తండ్రి పేరు దాదాపు 1915 నాటిది. ఒకే వరుసలో రెండు తరాలు దొరుకుతాయి. వయసులు ఉజ్జాయింపుగా చెప్పినవి కాబట్టి నాలుగైదేళ్లు అటూ ఇటూ చూసుకోవాలి. గుడి ముందు విరాళాలిచ్చిన వారి పేర్లు చెక్కిన బండలు ఇంకా మేలు, వాటి మీద సంవత్సరం ఉంటుంది. అయితే జాబితాలోంచి ఇంటిపేరు, పేరు కలిపి యథాతథంగా ఎత్తుకోకండి. ఆ మనిషి గానీ మనవడు గానీ మీ నవల చదువుతారు.

బడి రిజిస్టరును మాత్రం సగమే నమ్మండి. నేను బడిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, ఆ రిజిస్టర్లలో పాత తరం పిల్లలు చాలామంది జూలై 1న పుట్టినట్టు ఉంటుంది. పుట్టినరోజు తెలియనప్పుడు అయ్యవారు వేసిన తేదీ అది. పేరు కూడా కొన్నిసార్లు అయ్యవారిదే. నాకు ఇంట్లో పెట్టిన పేరులో పెంచల ఉంది. బడిలో చేర్చుకున్నాయన అది పాత పేరని చెప్పి, మా నాయన గుమ్మం దాటేలోపల దాన్ని ప్రసాదు చేశాడు. మా నాయనకు చదువు రాదు, మూడేళ్ల తర్వాత గానీ ఆయనకు ఆ సంగతి తెలియలేదు. మా అమ్మ పోయేదాకా నన్ను ఆ బడి పేరుతో ఒక్కసారి కూడా పిలవలేదు. 1950ల తర్వాత చదువుకున్న మీ పాత్రల్లో ఒకరికైనా ఇటువంటి రెండు పేర్లు ఉంటే బాగుంటుంది. ఎవరు ఏ పేరుతో పిలుస్తారన్నదాంట్లోనే ఎవరు ఎటువైపో తెలుస్తుంది.

స్వభావం సంగతి

కోపిష్టికి రుద్రయ్య, మంచివాడికి ధర్మయ్య అని పెడితే పాఠకుడు రెండో పేజీలోనే కథ చివర చూసేస్తాడు. పోనీ తిరగేసి, తగువులమారికి శాంతయ్య అని పెడితే ఒక్కసారి నవ్వొస్తుంది, నాలుగు వందల పేజీలు ఆ నవ్వు నిలవదు. పేరు స్వభావాన్ని మోయలేదు. పిలుపు మోస్తుంది.

వెంకటసుబ్బయ్య, శ్రీనివాసులు అన్నదమ్ములను చూడండి. అన్న లెక్క తప్పని మనిషి, కూలీ డబ్బులు పైసాతో సహా ఇస్తాడు, ఒక పైసా ఎక్కువ ఇవ్వడు. తమ్ముడు చేతికి ఎముక లేనివాడు. ఈ మాటలు మీరు రాయనక్కరలేదు. 1975లో ఒక రాత్రి పొగాకు బ్యారన్ దగ్గర మంట ఎక్కువైందనుకోండి. కాపలా ఉన్న పోలయ్య పరుగెత్తుకొని ఇంటికి వస్తాడు. అన్న ఇంటి ముందు నిలబడితే అతని నోట వచ్చేది, 'అమ్మా, వెంకటసుబ్బయ్య గారు నిద్రపోయినారామ్మా?' తమ్ముడి మంచం దగ్గరికి పోతే, 'సీనయ్యా, ఆకు మాడతా ఉండాది, లెయ్యి.' అన్న పేరులోని ఆరక్షరాలనూ ఆ కంగారులో కూడా ఎవరూ కుదించలేదు. తమ్ముడి పేరును ఊరంతా తమకు చేతనైనట్టు కొరుక్కుతింది. భార్య తరఫువాళ్లకు సీనబ్బాయి, పిల్లలకు సీనబాబాయి, పాలేరుకు సీనయ్య. పొడవాటి పేరు పొడవుగానే మిగిలిపోయిన మనిషి దగ్గరికి ఎవరూ రాలేదని అర్థం.

కాబట్టి నేను ప్రతి ముఖ్య పాత్రకూ ఒక చిన్న కాగితం రాసుకుంటాను. తల్లి ఏమని పిలుస్తుంది, భార్య లేక భర్త ఏమంటారు, దగ్గరి స్నేహితుడు ఏమంటాడు, పనివాడు ఎదుట ఏమంటాడు, అదే పనివాడు చాటున ఏమంటాడు. అయిదు గడులూ ఒకే మాటతో నిండితే ఆ పాత్ర నాకింకా తెలియలేదని లెక్క. భార్య గడి పాత తరంలో సాధారణంగా ఖాళీగా ఉంటుంది, ఆమె పేరు పలకదు కదా. కోడలి సంగతి ఇంకా రసవత్తరమైనది. మామగారి పేరు బిడ్డకు పెట్టాక, కోడలు తన కన్నకొడుకును పేరు పెట్టి పిలవలేదు. వెంకటసుబ్బయ్య భార్య ఆ పెంచలమ్మే అనుకుంటే, ఆమె మాల్యాద్రిని పెద్దోడా అనే పిలుస్తుంది, ఎందుకంటే ఆ పేరులో మామగారున్నారు. కోపం వచ్చినప్పుడు కూడా మాల్యాద్రీ అని అరవదు. మామగారు పోయిన చాలా ఏళ్లకు ఆమె ఒకనాడు ఆ పేరు పలికిందంటే, ఆ ఒక్క పిలుపు మీద మీరు ఒక అధ్యాయం నిలబెట్టుకోవచ్చు.

పిలుపులో కాలం కూడా ఉంటుంది. ఆ పోలయ్యను 1950లో రైతు ఇంటి పదేళ్ల పిల్లవాడు కూడా పోలిగా అని పిలిచేవాడు. పిలిచినవాడి గురించీ, పిలిపించుకున్నవాడి గురించీ, ఊరి గురించీ ఆ 'గా' చెబుతుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షర దీపం రాత్రి బడులు నడిచాయి, వాటి వెంటే సారా వ్యతిరేకోద్యమం లేచింది. అప్పటికి కందుకూరు ప్రకాశంలో ఉంది కాబట్టి మీ పోలయ్య కూతురు రమణమ్మను కావలి దగ్గరో కలిగిరి దగ్గరో ఒక ఊరికి కాపురానికి పంపండి. ఊళ్లో ఎవరూ రమణీ అనో ఏమే అనో తప్ప పిలవని ఆమె పలక మీద మొదటిసారి నాలుగక్షరాలు పూర్తిగా రాస్తుంది. పేరు మార్చకుండానే కాలం మారింది. అన్నట్టు, ఆ ఉద్యమానికి దూబగుంటలో ముందు నిలిచిన స్త్రీ పేరు రోశమ్మ. అటువంటి పాత్రను మనం ఊహించి రాసి ఉంటే ఏ ఝాన్సీ అనో జ్వాల అనో పెట్టి ఉండేవాళ్లం. రోశమ్మ అనే పేరు ముందు ఆ రెండూ ఎంత నాటకంగా ఉన్నాయో మీరే చూడండి.

ఒక ఊళ్లో అయిదుగురు వెంకటేశ్వర్లు ఉండటం నిజం, ఊరు వాళ్లను విడదీసుకునే తీరు కూడా నిజం. లైన్‌మన్‌గా చేసేవాడు కరెంటు వెంకటేశ్వర్లు, ఇంకొకడు పొట్టి వెంకటేశ్వర్లు, మూడోవాడు ఎప్పుడో ఒక్కసారి మద్రాసు పోయివచ్చిన పాపానికి జీవితాంతం మద్రాసు వెంకటేశ్వర్లు. నవలలో అటువంటి జంట పేరు ఒకటి చాలు, అది కూడా కథలో పనికొస్తేనే, ఉత్తరం ఒకరికి బదులు ఇంకొకరికి చేరడం వంటిదానికి.

చూసుకోవలసిన ఒక చిక్కు

ఈ ప్రాంతపు పాత పేర్లు చాలావరకు 'అయ్య'తోనో 'అమ్మ'తోనో ముగుస్తాయి. అంటే పాఠకుడి కంటికి తేడా చూపేది మొదటి అక్షరమొక్కటే. రమణయ్య, రాఘవయ్య, రంగయ్య ముగ్గురూ ఒకే పంచాయతీ దృశ్యంలో కూర్చుంటే మీకు తప్ప ఎవరికీ వాళ్లు విడిగా కనబడరు. నా రెండో నవల రాతప్రతిలో ఇదే జరిగింది, చదివిపెట్టిన మిత్రుడు రెండు వందల పేజీలదాకా ఇద్దరు మనుషులను ఒక్కరే అనుకున్నాడు. పేర్లన్నీ ఒక కాగితం మీద నిలువుగా రాసి, మొదటి అక్షరాలను మాత్రం పైనుంచి కిందికి చదవండి. ఒకే గుణింతంలోవి రెండు పక్కపక్కన పడితే, ఆ ఇద్దరూ ఒకే దృశ్యంలోకి వచ్చేవారైతే, ఒకరిని మార్చండి. పొడవు కూడా మార్చండి. పుల్లయ్య పక్కన వెంకటసుబ్బయ్య నిలబడతాడు, చెన్నయ్య పక్కన చెంచయ్య నిలబడడు.

మీ పల్లెలో క్రైస్తవ కుటుంబం ఉంటే, ఉండకపోతే ఆ ప్రాంతపు పల్లె అనిపించుకోదు గనుక, పైన చెప్పిన తరాల వరుస వారికి అతకదు. ఒంగోలు కేంద్రంగా జాన్ క్లౌ నడిపిన బాప్టిస్టు మిషన్‌లో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కానీ ఆ తొలి తరం విశ్వాసుల్లో పేరుపొందిన యర్రగుంట్ల పేరయ్య చివరిదాకా పేరయ్యగానే ఉన్నాడు. అందుచేత 1880లో మారిన కుటుంబం వెంటనే అబ్రహాములతో నిండిపోయినట్టు రాయకండి. తాత పేరయ్య, కొడుకు దేవదానమో ఆశీర్వాదమో, మనవరాలు కరుణమ్మో సువార్తో, ఆ తర్వాతి తరంలో చర్చిలో ఒక పేరు, బడి రికార్డులో ఒక పేరు, ఈ వరుస సహజంగా ఉంటుంది. ఆ రెండు పేర్ల వెనుక ఉద్యోగాలు, రిజర్వేషన్ల లెక్కలు, దాపరికం, నొప్పి ఉన్నాయి కాబట్టి దాన్ని వింతలాగా చూపకుండా, ఆ ఇంటివారు చూసినట్టు చూపండి.

ఇంటిపేర్ల గురించి మీరు అడగలేదు గానీ ఒక మాట చెప్పకుండా వదలలేను. ఇంటిపేరు రాసిన వెంటనే మన పాఠకుడు కులం వెతుకుతాడు, తర్వాత తన బంధువుల్లో ఆ ఇంటిపేరువారిని వెతుకుతాడు. నా మూడో నవలలో వడ్డీ వ్యాపారికి నేను కల్పించాననుకున్న ఇంటిపేరు అచ్చంగా ఒక ఊళ్లో ఉంది. ఆ ఇంటాయన పెళ్లిలో ఎదురుపడి, 'అయ్యవారూ, మావాళ్లు ఎవరికి వడ్డీకిచ్చారండీ?' అని చాలా మర్యాదగా అడిగాడు. అప్పటినుంచి ఇంటిపేరు అవసరమైన చోట ఊరు వాడే గుర్తులనే వాడుతున్నాను. చెరువుకట్ట కింది ఇల్లు, పడమటింటివాళ్లు, పెద్దబావి సుబ్బయ్య, ఇట్లాగా. మీ మాలకొండయ్యకు కూడా పెళ్లి శుభలేఖ దృశ్యం వచ్చేదాకా ఇంటిపేరు అవసరం పడదు. ఆ శుభలేఖలో రాయాల్సి వచ్చినప్పుడు మాత్రం, పాత ఓటర్ల జాబితా తెచ్చుకుంటారు కదా, ఆ ఇంటిపేరు మీ పల్లెలోనూ చుట్టూ ఉన్న నాలుగైదు పల్లెల్లోనూ లేదని చూసుకొని రాయండి.